రాజీనామా మర్నాటి నుంచి ఆ షరతు విలువ ఎంత?

గంజాం తీరంలోనూ, సరిహద్దు దాటాక శ్రీకాకుళం తీరంలోనూ వెనామీ రొయ్యల చెరువులున్న ఊళ్లకు రాష్ట్రాల మధ్య గీత పెద్దగా పట్టదు. డీలరు అరువు మీద మేత ఇస్తాడు, పట్టుబడి రోజున లెక్క తేలుతుంది. ఇటు ఒడియాలో మాట్లాడినా, అటు తెలుగులో మాట్లాడినా పద్ధతి ఒకటే. అందుకే మేత కంపెనీలకు బరంపురం తెలుగు కుర్రాళ్లంటే ఇష్టం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవాడికి రెండు వైపులా రైతు గడప తెరిచే ఉంటుంది. అదే కుర్రాడు రేపు పోటీ కంపెనీకి వెళ్తే రెండు వైపులా నష్టం కదా అని కంపెనీకి భయం. ఆ భయమే నియామక ఒప్పందంలో షరతులుగా మారుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. బరంపురంలో ఉంటూ నెలకు 28,000 రూపాయల జీతానికి ఒక మేత కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరుగా చేరిన ఉద్యోగి ఎనిమిది పేజీల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అందులో నాలుగు షరతులు చూడదగ్గవి. తొమ్మిదోది, ఉద్యోగంలో ఉన్నంతకాలం మరే మేత కంపెనీకీ పని చేయకూడదంటుంది. పదకొండోది, ఉద్యోగం మానేశాక రెండేళ్లపాటు గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో అలాంటి వ్యాపారం చేసే ఏ సంస్థలోనూ చేరకూడదంటుంది. పన్నెండోది, పదకొండోదాన్ని ఉల్లంఘిస్తే మూడు లక్షలు కట్టాలంటుంది. పద్నాలుగోది గోప్యత షరతు: రైతుల వివరాలు, ధరలు, మార్కెట్ పరిజ్ఞానం, ఉద్యోగంలో సంపాదించిన నైపుణ్యం, ఇవన్నీ కంపెనీ రహస్యాలని, ఎప్పటికీ ఎవరికీ చెప్పకూడదని దాని సారాంశం.

సంతకం పెట్టాను కాబట్టి నాలుగింటికీ కట్టుబడాల్సిందేనని ఉద్యోగి అనుకుంటాడు. ఇవన్నీ కోర్టులో నిలవవట, దేన్నీ పట్టించుకోనక్కర్లేదని టీ కొట్టు దగ్గర స్నేహితుడు అంటాడు. ఇద్దరూ తప్పే. రెండో తప్పు మొదటిదానికన్నా ఎక్కువ ఖరీదైనది.

మూడు జిల్లాలైనా మూడు వీధులైనా

భారత ఒప్పందాల చట్టం 1872 నాటిది. అందులో 27వ సెక్షన్ చాలా పొట్టిది. న్యాయసమ్మతమైన వృత్తి, వ్యాపారం, వాణిజ్యం చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. మినహాయింపుగా అందులో చెప్పింది ఒక్కటే: వ్యాపారాన్ని దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మేసిన వ్యక్తి, కొన్నవాడికి పోటీగా స్థానిక పరిమితుల్లో అదే వ్యాపారం పెట్టనని ఒప్పుకోవచ్చు. ఉద్యోగుల ఊసు మినహాయింపులో లేదు.

ఈ సెక్షన్ పుట్టుక కొంచెం విచిత్రం. దాని నమూనా న్యూయార్క్ కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రాసిన ముసాయిదా స్మృతిలో ఉంది. న్యూయార్క్ దాన్ని పక్కన పెట్టింది, కాలిఫోర్నియా తీసుకుంది, ఇక్కడి పాలకులూ తీసుకున్నారు. ఇంగ్లండు న్యాయం మాత్రం వేరే దారి పట్టింది. అక్కడ ఆంక్ష సమంజసంగా ఉంటే చెల్లుతుంది. ఎన్నాళ్లు, ఎంత దూరం, ఎవరి ప్రయోజనం కోసం అని తూకం వేస్తారు. మన దగ్గర ఒప్పందాలు రాసే చాలామంది ఇప్పటికీ ఇంగ్లండు మాదిరిలోనే రాస్తారు. రెండేళ్లే కదా, మూడు జిల్లాలే కదా, సమంజసమే అని వాదిస్తారు. ఈ వాదన 1874లోనే కలకత్తా హైకోర్టులో వీగిపోయింది.

ఆ కేసు పేరు మాధవ్ చందర్ పొరామానిక్, రాజ్‌కుమార్ దాస్. కలకత్తాలో ఒకే పేటలో ఒకే రకం వ్యాపారం చేసే ఇద్దరిలో ఒకరు రెండోవాడి పోటీ తట్టుకోలేక, నీ దుకాణం ఎత్తేస్తే నువ్వు పనివాళ్లకు ఇచ్చిన అడ్వాన్సులు నేను కడతానన్నాడు. రెండోవాడు దుకాణం ఎత్తేశాడు. మొదటివాడు డబ్బు ఇవ్వలేదు. దావా పడింది. అడ్డుకున్నది ఒక్క పేటలోనే, ఊరంతా కాదు కదా అన్న వాదనకు ప్రధాన న్యాయమూర్తి కౌచ్ చట్టంలోని మాటతోనే జవాబిచ్చారు. పక్కనే ఉన్న 28వ సెక్షన్‌లో ‘పూర్తిగా’ అనే మాట వాడిన శాసనకర్తలు 27లో దాన్ని వాడలేదు. కాబట్టి సగం అడ్డంకి అయినా అడ్డంకే. ఒప్పందం చెల్లలేదు, దుకాణం ఎత్తేసినవాడికి డబ్బూ రాలేదు. న్యాయం జరిగినట్టు అనిపించకపోవచ్చు. కానీ ఆ తీర్పు వేసిన బాట నేటికీ చెరిగిపోలేదు.

గీత ఎక్కడ పడుతుంది

అలాగని ఉద్యోగి మీద పెట్టే ప్రతి ఆంక్షా చెల్లదని కాదు. 1967లో సుప్రీంకోర్టు తేల్చిన నిరంజన్ శంకర్ గోలికరి కేసు చూడాలి. మహారాష్ట్రలోని కల్యాణ్‌లో సెంచురీ స్పిన్నింగ్ కంపెనీ టైర్లలో వాడే దారం తయారీకి విదేశీ కంపెనీల నుంచి పరిజ్ఞానం తెచ్చుకుంది. దాన్ని రహస్యంగా ఉంచుతామని ఆ కంపెనీలకు మాట ఇచ్చింది. గోలికరిని షిఫ్ట్ సూపర్‌వైజరుగా ఐదేళ్ల ఒప్పందం మీద తీసుకుని, ఆ పనిలో శిక్షణ ఇచ్చింది. గడువు తీరకముందే మానేస్తే మిగిలిన కాలం వేరేచోట అదే పని చేయకూడదని షరతు. ఆయన మధ్యలోనే వదిలి కోటాలోని పోటీ కంపెనీలో చేరారు. సుప్రీంకోర్టు నిషేధ ఉత్తర్వును సమర్థించింది. అయితే ఆ ఉత్తర్వు ఎంత ఇరుకైనదో చూడాలి. అది ఐదేళ్ల ఒప్పందం ముగిసే 1968 మార్చి 15 వరకే, అదీ ఆ దారం తయారీ పనికే. ఇతర ఉద్యోగాలు చేసుకోవడానికి అడ్డు లేదు.

ఇక్కడ గీత స్పష్టమవుతుంది. ఒప్పందం నడుస్తున్నంతకాలం ‘నాకే పని చెయ్యి’ అనడం వ్యాపార నిరోధం కాదు. అది ఉద్యోగంలోనే ఇమిడి ఉన్న మాట. ఒప్పందం ముగిశాక కూడా ‘ఇంకెవరికీ పని చేయకు’ అనడమే నిరోధం. 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ, కృష్ణ ముర్గాయ్ కేసు ఈ రెండో వైపుది. ఢిల్లీ శాఖ మేనేజరుగా ఉండి, ఉద్యోగం పోయాక అదే ఊరిలో అదే పనికి సొంత సంస్థ పెట్టుకున్న ముర్గాయ్ మీద రెండేళ్ల ఆంక్ష ఉంది. షరతులో ఉన్నది ‘కంపెనీని వదిలితే’ అన్న మాట కాబట్టి, కంపెనీయే తీసేసిన మనిషికి అది వర్తించదని సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పింది. జస్టిస్ ఎ.పి. సేన్ అక్కడితో ఆగకుండా, ఉద్యోగం తర్వాతి ఆంక్ష 27వ సెక్షన్ కింద ఎలాగూ చెల్లదని విడిగా వివరించారు. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో ఇదే మాట మరింత సూటిగా వచ్చింది. మూడేళ్ల ఏజెన్సీ ఒప్పందం ముగిశాక కూడా, కొత్త ఒప్పందం చేసుకునే ముందు పాత ఏజెంటుకే మొదటి అవకాశం ఇవ్వాలన్న షరతును సుప్రీంకోర్టు అమలు చేయలేదు. ఒప్పందం ముగిశాక పడే ఆంక్ష విషయంలో సమంజసమా కాదా అన్న తూకానికే 27వ సెక్షన్‌లో చోటు లేదన్నది.

ఇప్పుడు మన ఫీల్డ్ ఆఫీసరు ఒప్పందం మీద ఆ గీత పెట్టి చూస్తే పని సులువవుతుంది. తొమ్మిదో షరతు నిలుస్తుంది. పగలు ఒక కంపెనీ జీతం తీసుకుంటూ సాయంత్రం ఇంకో కంపెనీ మేత అమ్మిపెడితే కంపెనీ చర్య తీసుకోవచ్చు. పదకొండో షరతు నిలవదు. రెండేళ్లను ఆరు నెలలకు తగ్గించినా, మూడు జిల్లాలను ఒక్క బరంపురానికి కుదించినా ఫలితం మారదు. పన్నెండోది పదకొండోదాన్ని పట్టుకుని వేలాడుతోంది కాబట్టి దానితోపాటే పడిపోతుంది. సెక్షన్‌లోని ‘ఆ మేరకు’ అన్న మాటకు ఇక్కడ అసలు పని ఉంది. చెల్లని భాగమే రాలిపోతుంది, మిగిలిన ఒప్పందం బతికే ఉంటుంది. స్నేహితుడి టీ కొట్టు సలహా పొరపాటయ్యేది ఇక్కడే, ఎందుకంటే పద్నాలుగో షరతు ఇంకా మిగిలే ఉంది.

రహస్యం అంటే ఏది

ఉద్యోగం తర్వాత మనిషిని కట్టేయలేమని తెలిసిన కంపెనీలు ఆ తాడునే గోప్యత షరతులో చుట్టి పెడతాయి. ‘నైపుణ్యం కూడా రహస్యమే’ అన్న వాక్యం అలాంటిది. మనిషి నైపుణ్యాన్ని వాడకూడదంటే ఆ రంగంలో పనే చేయకూడదని అర్థం. అంటే పదకొండో షరతే వేషం మార్చుకుని వచ్చిందన్నమాట. కోర్టు ఆ వేషం విప్పి చూస్తుంది.

ఈ ఉద్యోగికి తెలిసినవి ఒక్కొక్కటి విడదీసి చూద్దాం. మేత వేశాక కొంతసేపటికి చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన గింజలు చూసి, రేపటి మేత పెంచాలా తగ్గించాలా అని రైతుకు చెప్పగలడు. రొయ్య పేగు నిండిందో లేదో కంటితో చూసి పట్టగలడు. ఇది అతని చేతి విద్య. ఏ కంపెనీలో నేర్చుకున్నా మనిషితోపాటే వెళ్తుంది. రైతుతో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడగలగడం గురించి చెప్పేదే లేదు, ఆ భాషలు కంపెనీ ఇచ్చినవి కావు. ఏ ఊరిలో ఎవరికి ఎన్ని ఎకరాల చెరువులున్నాయో, వారి ఫోన్ నంబర్లు ఏమిటో కూడా అతనికి తెలుసు. వారం రోజులు ఆ ఊళ్లలో బండి మీద తిరిగితే ఎవరికైనా తెలిసే విషయాలివి. మేత గుళికలో ఏ ముడిసరుకు ఎంత పాలన్నది మాత్రం నిజమైన రహస్యమే. కానీ అది కర్మాగారంలో ఉంటుంది, ఫీల్డ్ ఆఫీసరు దాన్ని ఎన్నడూ చూసి ఉండడు. అతని దగ్గర నిజంగా రహస్యమనదగ్గది ఒక్కటే. ఏ డీలరుకు ఎంత శాతం రాయితీ, సీజను చివర ఎంత అదనపు రాయితీ, ఎంతవరకు అరువు అన్న పట్టిక. పక్క డీలరుకు కూడా తెలియకూడనిది అది. పోటీ కంపెనీ చేతికి చిక్కితే ప్రతి డీలరు దగ్గరా సరిగ్గా అర శాతం ఎక్కువ ఇచ్చి లాగేసుకోవచ్చు.

ఈ తేడాను ఢిల్లీ హైకోర్టు రెండు కేసుల్లో చూపించింది. 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంక్ తన మాజీ ఉద్యోగిని ప్రియా పురి మీద వేసిన దావాలో, ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు వ్యాపార రహస్యాలు కావని, గోప్యత పేరుతో ఉద్యోగం మారే హక్కును అడ్డుకోలేరని కోర్టు అభిప్రాయపడింది. అంతకు ముందు 1995లో బర్లింగ్టన్ హోమ్ షాపింగ్ కేసులో మాత్రం మాజీ ఉద్యోగిదే ఓటమి. తపాలా ద్వారా సరుకు అమ్మే ఆ కంపెనీ ఖర్చుపెట్టి కూర్చిన కస్టమర్ల జాబితాను అతను నకలు తీసుకుపోయాడు. జాబితా కూర్పు మీద కంపెనీకి కాపీరైట్ ఉందని కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. ముందు కేసులోవీ పేర్లే, ఇందులోవీ పేర్లే. కానీ బుర్రలో తీసుకెళ్లడం వేరు, ఫైలు ఎత్తుకెళ్లడం వేరు. పాత కంపెనీ కస్టమర్లను ఉద్యోగి తనంతట తాను వెళ్లి అడగకూడదన్న షరతు మీద హైకోర్టుల తీర్పులన్నీ ఒకే దారిలో లేవు. ఫైలు ఎత్తుకెళ్లిన సందర్భాల్లో మాత్రం ఉద్యోగి వైపు వాదన దాదాపు ఎప్పుడూ బలహీనమే.

వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అలాంటి చట్టం కావాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. అంతవరకూ కోర్టులు ఒప్పందాన్ని, విశ్వాసభంగ సూత్రాన్ని, కాపీరైట్‌ను పట్టుకుని నెట్టుకొస్తున్నాయి. అందువల్ల రహస్యమేదో చూపించే బరువు కంపెనీ మీదే పడుతుంది. ఆ సమాచారం కొద్దిమందికే అందేలా కంపెనీ కాపాడిందా? బయటివాడు తన కష్టంతో సంపాదించలేనిదేనా? ఈ రోజుకీ దానికి విలువ ఉందా? డీలర్ల రాయితీ పట్టికను యాభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టిన కంపెనీ, తర్వాత దాన్ని రహస్యమని చెప్పుకోవడం కష్టం. నిరుటి సీజను రాయితీలకు ఈ ఏడు పెద్ద విలువా ఉండదు.

రాజీనామా రాత్రి

మన ఉద్యోగి కథ ఇప్పుడు కొంచెం పాడవుతుంది. కొత్త కంపెనీ నుంచి 40,000 జీతానికి ఆఫరు వచ్చింది. మర్నాడు రాజీనామా ఇవ్వాలి, కంపెనీ ల్యాప్‌టాప్ అప్పగించాలి. ఆ రాత్రి ‘ఎందుకైనా మంచిది’ అనుకుని డీలర్ల రాయితీ పట్టికను తన సొంత ఈ-మెయిల్‌కు పంపుకున్నాడు. ఎందుకు మంచిదో తనకే తెలియదు. పంపిన సమయం, ఫైలు పేరు కంపెనీ సర్వరులో నమోదయ్యాయి.

కొత్త ఉద్యోగంలో చేరిన పది రోజులకు లీగల్ నోటీసు వచ్చింది. అందులో పదకొండో షరతు, మూడు లక్షలు, గోప్యతా భంగం, పోలీసు ఫిర్యాదు అన్నీ కలిపి ఒకే ముద్దగా ఉన్నాయి. ఇలాంటి నోటీసుల పద్ధతే అది. చెల్లని షరతును పెద్ద అక్షరాల్లో ముందు పెడతాయి, అసలు ముప్పు చివరి పేరాలో ఉంటుంది. అతను ఆ ఫైలు పంపుకోకపోయి ఉంటే నోటీసుకు జవాబు ఒక పేజీలో అయిపోయేది. ఇప్పుడు అలా కాదు. కంపెనీ కంప్యూటరు నుంచి అనుమతి లేకుండా డేటా నకలు తీయడం ఐటీ చట్టం 43వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. దురుద్దేశం రుజువైతే 66వ సెక్షన్ కింద నేరం కూడా.

దావా బరంపురంలో పడలేదు, హైదరాబాదులో పడింది. ఒప్పందం చివరి పేజీలో ‘వివాదాలు హైదరాబాదు కోర్టుల పరిధికే’ అన్న ఒక వాక్యం ఉంది. కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే. ఉద్యోగి బక్కవాడు కదా, అంతదూరం లాగడం న్యాయమా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో రాకేశ్ కుమార్ వర్మ కేసులో పరిశీలించింది. ఆ ఊరి కోర్టుకు మామూలుగానే పరిధి ఉండి, ఒప్పందం స్పష్టంగా ఉంటే ఉద్యోగ ఒప్పందాల్లోనూ అలాంటి వాక్యం చెల్లుతుందని చెప్పింది. సరిహద్దు జిల్లాల్లో పనిచేసేవారికి ఈ ఒక్క వాక్యం పోటీ నిషేధ షరతు కన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది. చెల్లని షరతు చెల్లదని చెప్పించుకోవడానికి కూడా ప్రతి వాయిదాకూ రాత్రి రైలెక్కాలి. చాలామంది కేసు ఓడిపోతామని కాక, ఈ తిరుగుడుకు భయపడి రాజీకొస్తారు. ఆ సంగతి కంపెనీకీ తెలుసు.

నోటీసు రాగానే ఉద్యోగి న్యాయవాది చేసిన మంచి పని, అదే హైదరాబాదు కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద కేవియట్ వేయడం. తమ మాట వినకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే తెలియజేసుకోవడమన్నమాట. దాని ఆయుష్షు 90 రోజులు. కేవియట్ లేకపోతే కంపెనీ ఏకపక్షంగా నిషేధ ఉత్తర్వు తెచ్చుకునే అవకాశం ఉంటుంది. అలాంటి ఉత్తర్వు మీద 30 రోజుల్లో తేల్చాలని కోడ్ చెప్తున్నా వాయిదాలు సాగుతూనే ఉంటాయి. ఈ లోపు కొత్త యజమాని ఓపిక నశించి, ముందు నీ కోర్టు గొడవ తేల్చుకుని రా అంటాడు. చెల్లని షరతు అసలు దెబ్బ కొట్టేది ఇక్కడే.

మూడు లక్షల మాట

అదే ఒప్పందంలో ఇంకోలా రాసి ఉంటే లెక్క మారేది. ‘మూడేళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలి’ అన్న బాండు పోటీ నిషేధం కాదు, ఉద్యోగకాలానికి సంబంధించిన షరతు. 2025 మే నెలలో విజయా బ్యాంక్, ప్రశాంత్ నార్నవరే కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల కనీస సేవ, రెండు లక్షల బాండును సమర్థించింది. ఆయన వేరే బ్యాంకుకు వెళ్లడాన్ని ఆ షరతు నిషేధించలేదు, ముందే వెళ్తే డబ్బు కట్టమంది. ప్రభుత్వరంగ బ్యాంకు నియామకానికి దేశవ్యాప్త ప్రకటన, పరీక్ష, ఖర్చు, కాలం ఉంటాయన్న వాస్తవం ఆ తీర్పు వెనక ఉంది. ఒక ఫీల్డ్ ఆఫీసరుకు విశాఖపట్నంలో నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి మూడు లక్షలు అడిగే కంపెనీకి ఆ తీర్పు అంతే బలంగా ఉపయోగపడదు. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం ఒక గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి కోర్టు తగిన పరిహారం ఇస్తుంది. హోటలు బిల్లు, శిక్షకుడి ఖర్చు కలిపి పద్దెనిమిది వేలు తేలితే, మిగిలిన రెండు లక్షల ఎనభై రెండు వేలకు ఆధారం చూపడం కంపెనీకి సులువు కాదు.

మన ఉదాహరణలో మధ్యంతర దరఖాస్తు మీద వాదనలయ్యాక ఉత్తర్వు సాధారణంగా ఇలా ఉంటుంది. కొత్త కంపెనీలో పనిచేయకుండా ఆపడానికి కోర్టు ఒప్పుకోదు. రాయితీ పట్టికను వాడకూడదని, ఎవరికీ చూపకూడదని, ఉన్న ప్రతులన్నీ అప్పగించి చెరిపేశానని ప్రమాణపత్రం ఇవ్వాలని ఆదేశిస్తుంది. మూడు లక్షల సంగతి విచారణకు వదిలేస్తుంది. ఆ పైవారం అతను కొత్త కంపెనీ బస్తాలతో అవే చెరువుల గట్ల మీదకు వెళ్లవచ్చు, అదే చెక్ ట్రే లాగి చూడవచ్చు, అదే రైతుకు అదే సలహా చెప్పవచ్చు. డీలరు గదిలో కూర్చుని పాత కంపెనీ ఎంత ఇస్తోందన్న ప్రశ్న ఎదురైనప్పుడు మాత్రం డీలరే చెప్పాలి, తాను చెప్పకూడదు.